పాత ఫ్రేమ్‌కి కొత్త లెన్సులు వేయించొచ్చా, ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: ఆరేళ్ళ కింద కొన్న బ్రౌన్ షెల్ ఫ్రేమ్ ఒకటి ఉంది నా దగ్గర, చాలా ఇష్టం. అప్పుడు పవర్ రెండు కళ్ళకీ మైనస్ 2. మధ్యలో వేరే కళ్ళజోడు వాడాను, ఇప్పుడు పవర్ మైనస్ 4.5 అయింది. మళ్ళీ ఈ ఫ్రేమ్‌లోనే కొత్త లెన్సులు వేయిద్దామంటే ఒక షాపాయన వద్దన్నాడు, ఇంకో ఆయన వేస్తా గానీ ఫ్రేమ్ విరిగితే నాకు సంబంధం లేదన్నాడు. కొత్త ఫ్రేమ్ అమ్ముకోడానికే ఇలా అంటున్నారా? కాడ లోపల 54□18-140 అని ఉంది, నా పీడీ, అంటే కంటిపాపల మధ్య దూరం, 62.

సమాధానం:

ఇద్దరూ అబద్ధమైతే చెప్పలేదండి. అమ్ముకోవాలన్న ఆశ కొంత ఉంటుంది, కాదనను, కానీ "మీ రిస్క్" అన్న మాట వెనకాల నిజమైన భయం ఉంది. నేను 22 ఏళ్ళుగా ఫిట్టింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడిని, కౌంటర్‌లో కాదు, కాబట్టి ఎవరికీ ఏదీ అమ్మాల్సిన పని నాకు లేదు, లోపల ఏం జరుగుతుందో అది చెప్తా.

ముందు ఒక విషయం. అందరూ లెక్క ఎలా వేస్తారంటే, పాత ఫ్రేమ్ వాడితే కొత్త ఫ్రేమ్ డబ్బు మిగులుతుంది, విరిగితే పాత ఫ్రేమే కదా పోయేది అని. తప్పు అక్కడే. లెన్స్ షాపుకి వచ్చేటప్పుడు గుండ్రంగా బిళ్ళలా వస్తుంది, దాన్ని మీ ఫ్రేమ్ ఆకారానికి, మీ కంటిపాప నిలిచే చోటికి సరిపెట్టి మిషన్ మీద కోస్తారు. కోశాక అది ఆ ఒక్క ఫ్రేమ్‌కే పనికొస్తుంది. ఎక్కించేటప్పుడు ఫ్రేమ్ పుటుక్కుమంటే ఫ్రేమ్‌తో పాటు లెన్సుల జత కూడా పోయినట్టే. అదే మోడల్ ఫ్రేమ్ దొరికితేనో, దానికంటే చిన్న ఆకారం దొరికి లెన్స్‌ని ఇంకాస్త అరగదీస్తేనో బతుకుతుంది, కానీ ఆరేళ్ళ పాత మోడల్ దొరకడం కష్టం, చిన్న ఆకారంలో లెన్స్ మధ్యబిందువు మీ కంటి ఎదురుగా రావడం ఇంకా కష్టం. కాబట్టి పందెం కాస్తోంది ఫ్రేమ్ మీద కాదు, లెన్సుల మీద.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. పని నేర్చుకున్న మూడో ఏడో నాలుగో ఏడో, ఒక పెద్దాయన ఎనిమిదేళ్ళు వాడిన షెల్ ఫ్రేమ్ తెచ్చారు, చూడ్డానికి కొత్తదానిలా ఉంది, తళతళలాడుతోంది. ప్రోగ్రెసివ్ లెన్సులు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే లెన్స్‌లో పవర్ ఉండేవి, బాగా ఖరీదైనవి. కుడిది ఎక్కింది, ఎడమది ఎక్కిస్తుంటే బ్రిడ్జ్ పక్కన, ముక్కు వైపు పల్చగా ఉండే చోట చీలింది. వేడి సరిగ్గానే పెట్టాను, బలమూ ఎక్కువ వాడలేదు. ఆయన మంచోడు కాబట్టి సరిపోయింది, మా ఓనర్ మాత్రం ఆ లెన్సుల డబ్బు నా జీతంలో పట్టుకున్నాడు (సగమే లెండి).

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే, మీరూ అదే అడగండి: లెన్స్ ఆర్డర్ పెట్టే ముందే, ఇప్పుడున్న పాత లెన్సులు మీ కళ్ళ ముందే ఊడదీసి మళ్ళీ ఎక్కించమనండి. రెండూ. కొత్త లెన్స్ ఎక్కించేటప్పుడు ఫ్రేమ్ పడే కష్టం, పాత లెన్స్ తీసి పెట్టేటప్పుడు పడే కష్టం దాదాపు ఒకటే. విరిగేదుంటే అప్పుడే విరుగుతుంది, అప్పుడు పోయేది మీరు ఎలాగూ వాడని ఫ్రేమ్ ఒక్కటే, లెన్స్ డబ్బు మీ జేబులోనే ఉంటుంది. పది నిమిషాల పని. దీనికి ఒప్పుకోని షాపు అయితే వాళ్ళకి ఓపిక లేదని అర్థం, పాత ఫ్రేమ్ పని ఓపిక లేనోళ్ళ చేతిలో పెట్టొద్దు.

కానీ అంతవరకు వెళ్ళే ముందు ఇంట్లోనే సగం తేల్చుకోవచ్చు. షెల్ అని మనం పిలిచేదాంట్లో రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి అసిటేట్, రెండోది నైలాన్ జాతి, టీఆర్ 90 అంటారు. టీఆర్ చాలా తేలిగ్గా ఉంటుంది, కాడ వంచితే రబ్బరులా వంగి వెనక్కి వస్తుంది. అసిటేట్ కొంచెం బరువు, రంగు పైపూత కాదు, లోపలిదాకా అదే రంగు ఉంటుంది, బ్రౌన్ లాంటి వెలుతురు పారే రంగైతే కాడ లోపల పొడుగ్గా సన్నటి లోహపు కడ్డీ కనిపిస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అసిటేట్ అయ్యుంటుంది.

అసిటేట్ స్వభావంగా గట్టిగా, పెళుసుగా ఉండే పదార్థం. అది మెత్తగా వంగడానికి తయారీలోనే ఒక రకం నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా బయటికి వచ్చేస్తుంది, ఎండలో పెట్టిన కారులో వదిలేసే అలవాటుంటే ఇంకా తొందరగా. దాంతో రెండు జరుగుతాయి, ఫ్రేమ్ కొద్దిగా కుంచించుకుపోతుంది, పెళుసెక్కుతుంది. కుంచించుకుపోవడం కంటికి కనపడదు గానీ లోపలున్న పాత లెన్స్ మాత్రం కుంచించుకోదు కదా, అది బయటికి తోస్తూ ఉంటుంది, అంటే డబ్బాలో పెట్టి దాచిన ఫ్రేమ్ కూడా ఆరేళ్ళూ లోలోపల బిగుసుకునే ఉంది. కొత్తదాన్లా మెరుస్తోంది అనేది అందుకే సాక్ష్యం కాదు, పెద్దాయన ఫ్రేమ్ నాకు చెప్పిన పాఠం అదే.

చూడాల్సింది ఇలా. ఫోన్ టార్చ్ వేసి ఫ్రేమ్‌ని దాని ముందు పెట్టి పక్క నుంచి చూడండి. బ్రిడ్జ్‌కి రెండు వైపులా, లెన్స్ గాడికి పైన కనుబొమ్మ మూల దగ్గర, ముందు భాగంలో హింజ్ పాతుకుని ఉన్న చోట, ఈ మూడు చోట్లే ముందు పగుళ్ళు వస్తాయి. వెంట్రుకంత గీత, వెలుతురులో వెండిలా మెరుస్తుంది, గోరు పెట్టి గీస్తే తగలదు చాలాసార్లు. ఆ గీత ఒక్కటి కనపడినా ఇక ఆలోచించకండి, వేడి తగిలి సాగదీసినప్పుడు పగులు అక్కడి నుంచే పరిగెడుతుంది.

కాడల లోపలి వైపు తెల్లగా, బూజులా పట్టి ఉంటే కంగారు పడొద్దు, చెమట, సన్‌స్క్రీన్, నూనె వల్ల పైపొర పొడిబారితే కూడా అలాగే ఉంటుంది, పాలిష్ చేస్తే పోతుంది. పాలిష్ చేశాక కూడా నెలలోపే మళ్ళీ తెల్లబడుతోందంటే, లేదా పైన సన్న జల్లెడలా గీతలు కనపడుతుంటే, లేదా దగ్గరగా పెట్టుకుంటే వెనిగర్ వాసన వస్తుంటే, అది పైపొర సంగతి కాదు, లోపలి నుంచే పాడవుతోంది. వాసన చూడ్డమేంటి అని నవ్వుతారు గానీ నేను ఇప్పటికీ చూస్తా.

తర్వాత హింజ్. కాడలు మడిచి తెరవండి, మధ్యలో ఎక్కడ వదిలినా అక్కడ ఆగితే బాగున్నట్టు. దభీమని పడిపోతే స్క్రూ బిగిస్తే సరిపోవచ్చు. స్క్రూ బిగించాక కూడా కాడ పైకీ కిందికీ ఊగుతుంటే హింజ్ పళ్ళు అరిగిపోయాయి, లేదా అది ప్లాస్టిక్‌లో పాతుకున్న చోటే వదులైంది, రెండోది బాగుచేయడం దండగ. స్ప్రింగ్ ఉన్న రకం అయితే స్ప్రింగ్ పోయిందా చూసుకోండి, అది పోతే ఆ కాడ మార్చాలి, పాత మోడల్‌కి కాడ ఎక్కడా దొరకదు. ఇక ఫ్రేమ్‌ని తలకిందులుగా బల్ల మీద పెట్టి ఊగుతోందా చూడమంటారు చాలామంది, ఊగితే ఏం కాదు, వేడి చేసి సరిచేస్తారు. దానికి అంత ప్రాముఖ్యం ఇవ్వక్కర్లేదు.

ఇవన్నీ పాసయ్యిందనుకుందాం. అయినా మీ విషయంలో అసలు పేచీ ఇక్కడ కాదు, సైజు దగ్గర. మీరు ఇచ్చిన అంకెలు చూడగానే నాకు కనపడింది అదే, మొదటి షాపాయన వద్దన్నది కూడా బహుశా దీనికే, విడమరిచి చెప్పలేదంతే.

54 అంటే ఒక్కో లెన్స్ వెడల్పు, 18 అంటే రెండు లెన్సుల మధ్య దూరం, 140 కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. 54, 18 కలిపితే 72. అంటే ఈ ఫ్రేమ్‌లో రెండు లెన్సుల నడిమధ్య బిందువుల దూరం 72. మీ కంటిపాపల మధ్య దూరం 62. తేడా 10, ఒక్కో కంటికి 5. అంటే మీ కళ్ళు లెన్స్ మధ్యలో నిలవవు, ముక్కు వైపు 5 మిల్లీమీటర్లు జరిగి నిలుస్తాయి. కాబట్టి పవర్ మధ్యబిందువుని కూడా అంత లోపలికి జరిపి కోయాలి, అప్పుడు చెవి వైపు అంచు మధ్యబిందువు నుంచి 27కి 5 కలిపి 32 మిల్లీమీటర్ల దూరం పోతుంది.

మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచుకి వెళ్ళేకొద్దీ మందంగా ఉంటుందని తెలుసుగా. ఆ మందం దూరంతో మామూలుగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది, అదే తంటా. ఇండెక్స్ అంటే లెన్స్ పదార్థం వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ అదే పవర్‌కి లెన్స్ పల్చనవుతుంది. మామూలు ప్లాస్టిక్ లెన్స్ అంటే 1.5 ఇండెక్స్‌కి ఉజ్జాయింపు లెక్క చాలా తేలిక: పవర్‌ని దూరంతో రెండుసార్లు గుణించి వెయ్యితో భాగించండి, దానికి మధ్యలో మందం సుమారు 2 మిల్లీమీటర్లు కలపండి. మీ పాత పవర్‌కి, 2 × 32 × 32 = 2048, అంటే 2 మిల్లీమీటర్లు, మధ్య మందం కలిపితే 4. షెల్ ఫ్రేమ్ అంచు కూడా దాదాపు అంత లోతే ఉంటుంది కాబట్టి లెన్స్ మందం అందులో దాక్కుంది, మీకు అప్పుడు అంత నచ్చడానికి అదీ ఒక కారణమే.

ఇప్పుడు మైనస్ 4.5 పెట్టండి. 4.5 × 32 × 32 = 4608, అంటే 4.6, మధ్యది కలిపితే ఆరున్నర మిల్లీమీటర్లు దాటింది. ఫ్రేమ్ వెనకాల రెండున్నర మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది, బరువు పెరుగుతుంది, పక్క నుంచి ఎవరు చూసినా రింగులు రింగులుగా కనపడుతుంది, కొన్ని ఫ్రేముల్లో కాడ మడిస్తే ఆ అంచుకి తగిలి పూర్తిగా మడవబడదు కూడా.

దీనికి షాపులో చెప్పే మందు హై ఇండెక్స్. 1.67 తీసుకుంటే అదే వెయ్యి బదులు 1340తో భాగించాలి, 3.4 వస్తుంది, మధ్యలో కూడా పల్చగా చేయొచ్చు కాబట్టి సుమారు 1.3 కలపండి, మొత్తం 4.7. ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువే బయటికి వస్తుంది, భరించొచ్చు. 1.6 అయితే 1200తో భాగించి, మధ్యకి 1.5 కలిపితే 5.3.

ఇప్పుడు ఇదే పవర్, ఇదే పీడీ, కానీ 48□20 ఫ్రేమ్ అనుకోండి. 48, 20 కలిపి 68, కంటికి 3 మాత్రమే జరపాలి, అంచు దూరం 24కి 3 కలిపి 27. 4.5 × 27 × 27 = 3280. 1.6 ఇండెక్స్‌లో అది 2.7, మధ్యది 1.5 కలిపితే 4.2. చూశారా, చిన్న ఫ్రేమ్‌లో ఒక మెట్టు తక్కువ లెన్స్, మీ పెద్ద ఫ్రేమ్‌లో ఖరీదైన 1.67 కంటే పల్చగా వచ్చింది. పాత ఫ్రేమ్ ఉచితం అనుకుంటాం గానీ, అది పెద్దదైతే ఖరీదైన లెన్స్ అడుగుతుంది, ఫ్రేమ్‌లో మిగిలింది లెన్స్‌లో పోతుంది. ఆ తేడా ఎంతో మీ షాపులో రెండు ఇండెక్సుల రేట్లు అడిగి, దాని పక్కన ఒక మామూలు చిన్న ఫ్రేమ్ రేటు పెట్టి చూసుకోండి, అంతే లెక్క.

ఇవన్నీ ఉజ్జాయింపులే సుమా, సిలిండర్, అంటే ఒక కోణంలోనే పనిచేసే పవర్, ఉంటే, లెన్స్ డిజైన్ బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ పోల్చుకోడానికి చాలు.

ఇంకో సంగతి, పవర్ తక్కువున్నప్పుడు ఫిట్టింగ్‌లో తప్పు కళ్ళు సర్దుకుపోతాయి, ఎక్కువైతే సర్దుకోవు. ఆ 5 మిల్లీమీటర్లు జరపకుండా ఎవరైనా బద్ధకంగా నడిమధ్యలో పెట్టి కోశారనుకోండి, మైనస్ 2లో ఒక్కో కంటికి 1 ప్రిజమ్ పడుతుంది, అంటే చూపుని అంత పక్కకి లాగుతుంది, మైనస్ 4.5లో అదే తప్పుకి 2.25, రెండు కళ్ళకీ కలిపి 4.5. కొత్త కళ్ళజోడుకి తలనొప్పి మామూలే, అలవాటైపోతుంది అని పంపించేస్తారు, అలవాటు కాదు. పెద్ద ఫ్రేమ్, చిన్న పీడీ ఉన్నవాళ్ళు లెన్స్ తీసుకునే రోజు మధ్యబిందువుల దూరం కొలిచి చూపించమని అడగాలి, లెన్సోమీటర్ మీద నిమిషం పని.

వేడి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. పొడిబారిన అసిటేట్ మామూలు వేడికి మెత్తబడదు, ఫిట్టర్‌కి ఇంకొంచెం, ఇంకొంచెం అని వేడి పెంచాలనిపిస్తుంది, అలా బాగా వేడెక్కిన ఫ్రేమ్‌లో కొత్త లెన్స్ తోస్తే ఫ్రేమ్ బతికినా లెన్స్ మీద యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ అంచు నుంచి సాలెగూడులా చిట్లుతుంది. వెంటనే కనపడదు, కొన్నాళ్ళకి దీపం వెలుతురులో కనపడుతుంది, అప్పుడు ఎవరూ ఒప్పుకోరు. అందుకే పాత ఫ్రేమ్‌కి లెన్స్ ఒక వెంట్రుకవాసి చిన్నగా కోయాలి, పావు మిల్లీమీటరు కూడా కాదు, అంతకంటే తక్కువ. మరీ చిన్నగా కోస్తే లోపల తిరుగుతుంది, సిలిండర్ ఉన్నవాళ్ళకి, గుండ్రటి ఫ్రేమ్ అయితే మరీ, అది పెద్ద సమస్య, 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్ పవర్‌లో మూడో వంతు తప్పు తిరిగొచ్చినట్టే.

మెటల్ ఫ్రేమ్ ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు: అది చాలా నయం, లెన్స్ చుట్టూ ఉన్న రిమ్‌ని స్క్రూ విప్పి తెరుస్తారు కాబట్టి సాగదీసే పనే లేదు. ముక్కు ప్యాడ్లు ఆకుపచ్చగా చిలుము పట్టాయని ఫ్రేమ్ పారేయకండి, ప్యాడ్లు మారిస్తే చాలు. చూడాల్సింది ఆ రిమ్ స్క్రూ తిరుగుతోందా, తుప్పుతో బిగుసుకుపోయిందా అని, బిగుసుకుంటే నూనె చుక్క వేసి ఒక రాత్రి వదిలేయాలి, బలవంతం చేస్తే తల తెగి లోపల ఉండిపోతుంది. సుప్రా అంటే కింద దారం ఉండేది అయితే దారం కొత్తది వేస్తారు, అసలు సమస్యే కాదు. రిమ్‌లెస్‌కి రంధ్రాలు వేయాలి, ఆ పని రోజూ చేసే చోటే చేయించండి.

ప్రోగ్రెసివ్ వేయించుకునేవాళ్ళు మందం కంటే ముందు ఎత్తు చూసుకోవాలి. ఫ్రేమ్ పెట్టుకుని నేరుగా చూస్తూ, కంటిపాప ఎదురుగా లెన్స్ మీద మార్కర్ చుక్క పెట్టించి, అక్కడి నుంచి కింది అంచుకి కొలవండి. 18 మిల్లీమీటర్లు ఉంటే మామూలు డిజైన్లు చాలావరకు సరిపోతాయి, 14 దగ్గరుంటే పొట్టి డిజైనే వేయాలి, అందులో కంప్యూటర్ దూరానికి చూసే దారి ఇరుకవుతుంది, అంతకంటే తక్కువుంటే చదివే భాగం ఫ్రేమ్ బయటే తెగిపోతుంది. ఒకప్పుడు ఫ్యాషన్‌గా ఉన్న సన్నటి ఫ్రేములు పక్కన పెట్టాల్సింది ఈ ఒక్క కారణానికే.

ఇక మీ సంగతి. మీది టార్చ్ పరీక్షలో గీత లేకుండా బయటపడి, లెన్సులు తీసి పెట్టినా తట్టుకుంటే, 1.67లో వేయించుకోవచ్చు, షెల్ కాబట్టి అంచు చాలావరకు దాక్కుంటుంది. కానీ రోజంతా పెట్టుకునే ఒక్కగానొక్క కళ్ళజోడుగా మాత్రం దీన్ని నేనైతే చేసుకోను. లెన్సులు రెండేళ్ళైనా వాడతారు కదా, అప్పటికి ఈ ఫ్రేమ్‌కి ఎనిమిదేళ్ళు, మధ్యలో కాడ విరిగితే మైనస్ 4.5తో ఆ రోజు గడవడం కష్టం. రోజువారీకి 48, 50 దగ్గర ఒక చిన్న ఫ్రేమ్‌లో 1.6 వేయించుకోండి, దీన్ని అప్పుడప్పుడు పెట్టుకోడానికి రెండో జతగా ఆ తర్వాత తీరిగ్గా చేయించుకోండి. మధ్యలో వాడానన్న కళ్ళజోడు, పవర్ కాస్త తక్కువైనా సరే, ఈ పని పూర్తయ్యేదాకా పారేయకండి, ఫ్రేమ్ షాపులో ఉన్న నాలుగు రోజులూ అదే దిక్కు.

రెండో షాపాయన దగ్గరికి వెళ్ళినప్పుడు ఫ్రేమ్ మీ రిస్కే అని ఒప్పుకోండి, అది న్యాయమే. కొత్త లెన్స్ కోసేటప్పుడో ఎక్కించేటప్పుడో దానికి గీత పడినా, కోటింగ్ చిట్లినా, కొలత తప్పినా ఎవరి ఖర్చు అని మాత్రం అప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోండి.